బీపీ బాగున్నా ఐసీయూ ఎందుకు?

“మోకాలి ఆపరేషన్ తర్వాత నాన్నగారి కాలిలోని రక్తపు గడ్డ ఊపిరితిత్తికి చేరింది. ఎకోలో గుండె కుడివైపు ఉబ్బిందన్నారు, ట్రోపోనిన్ పెరిగింది. బీపీ 118/76. మరి ఐసీయూ ఎందుకు?”

తీవ్రతను గడ్డ పరిమాణాన్ని బట్టి కాదండీ, బీపీని, గుండె కుడివైపు పడే శ్రమను బట్టి అంచనా వేస్తారు. కాలి సిర నుంచి ఊడిన గడ్డ గుండె కుడి గదులు దాటి ఊపిరితిత్తి ధమనిలో ఇరుక్కుంటుంది. గుండె కింది కుడి గది అయిన కుడి జఠరిక గోడ పలుచన. ఎదురొత్తిడి ఒక్కసారిగా పెరిగితే ఉబ్బిపోతుంది, కండరం దెబ్బతిని అందులోని ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే, బీపీ నిలకడగా ఉన్నా మధ్యస్థ ప్రమాదంలో పై మెట్టు. పై బీపీ 90 కంటే తగ్గి పావుగంట దాటితే అత్యధిక ప్రమాదం. గడ్డను కరిగించే మందు గురించి సాధారణంగా అప్పుడే ఆలోచిస్తారు. ఆపరేషన్ గాయం పచ్చిగా ఉంటే ఆ మందుతో రక్తస్రావం భయం మరీ ఎక్కువ. అందుకే గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ వంటి మందు ఇస్తూ, బీపీ జారుతుందేమోనని గంటగంటకూ కనిపెట్టి చూస్తున్నారు.