15జీ ఇచ్చినా 20 శాతం కోశారు: లోపం ఎక్కడ?

ప్రశ్న: మా ఆయన పోయాక వచ్చిన 10 లక్షలు బ్యాంకులో ఎఫ్‌డీ వేశాను, వడ్డీ 7.2 శాతం. మూడు నెలలకోసారి 18,000 రావాలి, 14,400 పడుతోంది. రెండేళ్లుగా ఇదే వరస. నా వయసు 54. బట్టల షాపులో నెలకు 9,000 జీతం తప్ప ఇంకే ఆదాయం లేదు. నాకు పన్ను పడదు, వడ్డీలో కోయొద్దు అని 2024 ఏప్రిల్‌లో 15జీ ఫారం కూడా ఇచ్చాను. అడిగితే కౌంటర్లో విసుక్కుంటున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు సార్. బ్యాంకు మీద కేసు వేస్తే డబ్బు వస్తుందా? మా తమ్ముడు తన పాన్ పెట్టి 15జీ ఇద్దాం, కోత ఆగిపోతుంది అంటున్నాడు.
– ఒక గృహిణి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: కేసు సంగతి తర్వాత చూద్దాం అమ్మా. ముందు ఆ కోతను లెక్క వేయండి. 18,000లో 3,600 అంటే సరిగ్గా 20 శాతం. ఎఫ్‌డీ వడ్డీ మీద బ్యాంకు ముందే కోసే పన్ను, అదే టీడీఎస్, మామూలుగా 10 శాతమే, అంటే మీకు 1,800 పోవాలి. మీలాంటి వారికి 20 కోశారంటే అర్థం ఒకటే, బ్యాంకు లెక్కలో మీకు పాన్ లేదు. నంబరు అసలు ఎక్కించకపోయి ఉండాలి, లేదా మీ పాన్ ఆధార్‌తో లింక్ కాక పనిచేయకుండా పోయి ఉండాలి. లింక్ చేయని పాన్లు 2023 జూలై 1 నుంచి ఇలా ఆగిపోయాయి. చేతిలో కార్డు ఉంది కదా అని చాలామందికి ఆ సంగతే తెలియదు.

మీ 15జీ పని చేయకపోవడానికీ కారణం అక్కడే ఉంది. చెల్లే పాన్ లేకుండా ఇచ్చిన 15జీ చట్టం ప్రకారం చెల్లదు. మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే బ్యాంకు లాయరు మొదట చెప్పేది ఈ మాటే. పైగా మీరు ఫారం ఇచ్చినట్టు రుజువేదీ? రసీదు గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. బ్యాంకు తీసుకున్న ప్రతి 15జీకీ ఒక నంబరు ఇవ్వాలి, దాన్ని యూఐఎన్ అంటారు. ఆ నంబరు గానీ, స్టాంపు వేసిన కాపీ గానీ లేకుండా కాగితం కౌంటర్లో పెట్టి వచ్చేస్తే ఇచ్చినట్టు ఎవరూ ఒప్పుకోరు. ఇంకో మాట కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. 15జీ ఒక్క ఆర్థిక సంవత్సరానికే. 2024 ఏప్రిల్‌లో ఇచ్చింది 2025 మార్చి 31తో అయిపోయింది, ఆ తర్వాత మీరు మళ్లీ ఇవ్వలేదు. రెండేళ్లు మూడు నెలలకోసారి డబ్బు తగ్గుతుంటే ఒక్కసారైనా రాతపూర్వకంగా కారణం అడగకపోవడం మీ పొరపాటే.

ఇక మీ తమ్ముడి సలహా. దయచేసి ఆ పని చేయకండి. ఆయన పాన్ పెడితే మీ వడ్డీ 72,000 ఆయన ఆదాయంగా పన్ను శాఖ రికార్డులోకి వెళ్తుంది. ఆయనకు పన్ను పడే జీతం ఉంటే, తన పన్ను సున్నా అని 15జీ మీద సంతకం చేయడం అబద్ధపు ప్రకటన. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 277 కింద దానికి మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన జైలు, జరిమానా ఉన్నాయి. ఎఫ్‌డీయే ఆయన పేరు మీదికి మారిస్తే రేపు ఆ సొమ్ము ఎవరిదన్న తగాదా మీ ఇంట్లోనే మొదలవుతుంది. ఏటా 14,400 కోత ఆపడానికి 10 లక్షలను చిక్కుల్లో పెట్టుకుంటారా?

మీకు అడ్డదారి అవసరమే లేదు, ఎందుకంటే 15జీకి మీరు పూర్తిగా అర్హులు. దానికి రెండు షరతులు: ఏడాది మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా కావాలి, వడ్డీ మొత్తం పన్ను మినహాయింపు పరిమితి దాటకూడదు. మీ జీతం 1,08,000, వడ్డీ 72,000, కలిపితే 1,80,000. పాత విధానంలో 2.5 లక్షల వరకూ, 2025-26కి కొత్త విధానంలో 4 లక్షల వరకూ పన్ను లేదు. ఏ లెక్కన చూసినా మీకు పన్ను పడదు. మరి కోత ఎందుకంటే, ఏడాది వడ్డీ 50,000 దాటితే బ్యాంకు టీడీఎస్ కోయాల్సిందే, మీ జీతం ఎంతో దానికి తెలియదు, తెలియజేసేది 15జీ ఒక్కటే. 60 నిండినవారికి ఈ పరిమితి లక్ష, వాళ్ల ఫారం 15హెచ్.

ఈ వారంలోనే incometax.gov.in తెరిచి Link Aadhaar Status లో మీ పాన్, ఆధార్ నంబర్లు కొట్టండి. లింక్ కాలేదని వస్తే e-Pay Tax ద్వారా 1,000 రూపాయల ఫీజు కట్టి లింక్‌కు అడగండి. మనవాళ్లకు ఇక్కడే చిక్కు వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో చివర ఒక అక్షరమే ఉంటుంది, లేదా పుట్టిన తేదీ తేడా ఉంటుంది. అలా ఉంటే ముందు రెండింట్లో ఒకదాన్ని సరిచేయించాలి. లింక్ అయ్యాక పాన్ మళ్లీ పనిచేయడానికి 30 రోజుల దాకా పట్టొచ్చు. అందుకే ఆలస్యం వద్దు, మార్చి 31న పడే వడ్డీకైనా కోత తప్పుతుంది. పాన్ సరికాగానే ఈ ఏడాదికి 15జీ ఇవ్వండి, అప్పటిదాకా కోసింది మాత్రం బ్యాంకు వెనక్కి ఇవ్వదు, ఆ డబ్బు ఇప్పటికే ప్రభుత్వానికి వెళ్లిపోయింది.

దాన్ని రిటర్న్ వేసి రాబట్టాలి. ముందు అదే సైట్లో 26ఏఎస్, అంటే మీ పాన్ మీద జమైన పన్నుల లెక్క, చూడండి. ఈ కోతలన్నీ మీ పాన్ కింద కనిపిస్తే సగం పని అయినట్టే. కనిపించకపోతే బ్యాంకు మీ పాన్ లేకుండానే లెక్క పంపింది, అప్పుడు టీడీఎస్ స్టేట్‌మెంట్ సవరించమని, పన్ను కోసినట్టు ధ్రువపత్రం ఫారం 16ఏ ఇవ్వమని బ్రాంచి మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. బ్యాంకు మీద మీరు నిజంగా పట్టుబట్టాల్సింది ఈ ఒక్క విషయంలోనే.

2025-26లో మూడు త్రైమాసికాలకు పోయిన 10,800కి ఐటీఆర్-1 అనే రిటర్న్ వేయండి. గడువు 2026 జూలై 31, అది దాటినా డిసెంబరు 31 వరకు వేయొచ్చు. 2024-25లో పోయిన 14,400కి మాత్రం గడువు 2025 డిసెంబరు 31తో ముగిసింది. అయినా దారి ఉంది. ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 119(2)(బి) కింద పన్ను శాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ 11 ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్, అంటే ఆదాయం వచ్చిన ఏడాది తర్వాతి ఆర్థిక సంవత్సరం, ముగిశాక అయిదేళ్ల దాకా సమయం ఉంది. మీ విషయంలో అది 2031 మార్చి 31. భర్త మరణం, తక్కువ ఆదాయం, పాన్ సంగతి తెలియకపోవడం అన్నీ కాగితాలతో సహా రాయండి: మరణ ధ్రువపత్రం, షాపు జీతం రాసిచ్చిన చీటీ, పాస్‌బుక్ పేజీలు. మంజూరయ్యాకే ఆ ఏడాది రిటర్న్ వేయాలి. అలా వచ్చే రిఫండ్ మీద వడ్డీ రాదు. పాన్ లింక్ కాకుండా రిటర్న్ వేస్తే రిఫండ్ డబ్బు చేతికి రాదు, కాబట్టి లింక్ అయ్యాకే మిగతావన్నీ.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తోంది, ఫారం నంబరు మారిందని చెప్తే కంగారు పడకండి. పన్ను లేదని ఇచ్చే ప్రకటన కావాలని అడిగి, ఏప్రిల్ మొదటి వారంలోనే నింపి ఇచ్చి, రసీదు చేతికి వచ్చాకే కౌంటర్ దగ్గర నుంచి కదలండి.