డాలర్ నోట్లకు బ్యాంకు తక్కువ రేటు ఎందుకిచ్చింది?

"అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన 500 డాలర్ల నోట్లు మార్చాను. బ్యాంకు సైట్‌లో 84 ఉంది, చేతికి 82.50 లెక్కనే ఇచ్చారు. మోసమా?"

మోసం కాదండీ, రేట్ల పట్టికలో మీరు చూసిన వరుస వేరు. 84 అనేది TT BUY, అంటే వైర్‌లో, బ్యాంకు నుంచి బ్యాంకుకు, ఖాతాలోకి వచ్చే డాలర్లకు. నోట్లకు CN BUY చూడాలి.

చాలామంది తికమకపడేది ఇక్కడే: BUY, SELL రెండూ బ్యాంకు వైపు నుంచి రాసిన మాటలు. మీరు అమ్మితే బ్యాంకు కొంటుంది, కాబట్టి BUY చూడాలి.

వైర్ డాలర్లు బ్యాంకుకు విదేశంలో ఉన్న ఖాతాలో పడతాయి, వెంటనే అమ్ముకోవచ్చు. నోట్లైతే లెక్కపెట్టాలి, నకిలీవేమో చూడాలి, బీమా చేసి బయటికి పంపాలి. అంతవరకు బీరువాలో వడ్డీ లేకుండా పడుంటాయి. ఆ ఖర్చంతా రేటులోనే కోస్తారు.

మీ లెక్క:
1. వైర్‌లో: 500 × 84 = 42,000
2. నోట్లుగా: 500 × 82.50 = 41,250

తేడా 750. నోట్లకైనా వైర్‌కైనా జీఎస్టీ మరో 75 దాకా పడుతుంది, రసీదులో చూడండి.

ఈసారి పెద్ద మొత్తమైతే అన్నయ్యను అక్కడి ఖాతా నుంచే పంపమనండి. కానీ 500 డాలర్లలాంటి చిన్న మొత్తాలకైతే చాలాసార్లు వైర్ ఫీజే ఈ తేడాను మింగేస్తుంది, అప్పుడు నోట్లే నయం.