పైపెంకు కాదు, జిప్పు చూసి కొనండి

ప్రశ్న: మొదటిసారి అమెరికా వెళ్తున్నాను. చెకిన్‌కి హార్డ్ సూట్‌కేస్ మంచిదా, బట్టదా? చక్రాలు, జిప్పు ఎలా చూసుకోవాలి?

ముందు జిప్పు చూడండి. గట్టిదా, బట్టదా అన్నది ఆ తర్వాతే.

రెండేళ్ల కిందట డల్లాస్‌లో ఉన్న మా చెల్లి దగ్గరికి అమ్మా నేనూ వెళ్లాం. విజయవాడలో మెరిసిపోయే ఎర్రటి హార్డ్ పెట్టె కొన్నాం. పరిమితి 23 కిలోలు, ఇంట్లో కాటా 22.5 చూపించింది. చీరలు, కందిపొడి, కారప్పొడి అన్నీ ఒక సగంలోకే కూరాం. నేను పెట్టె మీద కూర్చుని నొక్కితే అమ్మ జిప్పు లాగింది. డల్లాస్‌లో బెల్టు మీదకి వచ్చేసరికి ఒక మూల జిప్పు విడిపోయి, చుట్టూ టేపు వేసి ఉంది. పెంకుకి చిన్న గీత తప్ప ఏమీ కాలేదు. అమ్మ అక్కడే నిలబడి ఏవేవి పోయాయో లెక్కపెట్టుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

ఎందుకిలా జరిగిందో తర్వాత అర్థమైంది. హార్డ్ పెట్టె పుస్తకంలా రెండు సగాలుగా తెరుచుకుంటుంది. పెంకు సాగదు కాబట్టి ఎక్కువ కూరితే ఒత్తిడంతా జిప్పు మీదే పడుతుంది, మూలల దగ్గర మరీ ఎక్కువ. బట్ట పెట్టెలో బట్ట కాస్త సాగి ఆ బరువు పంచుకుంటుంది. పచ్చడి సీసాల్లాంటివి ఉంటే హార్డ్, బట్టలూ పొడులూ అయితే బట్టది. నా ఓటు మాత్రం బట్టదానికే.

షాపులో పెట్టె మీద ఎక్కి నిలబడి చూపిస్తారు. దానివల్ల జిప్పు సంగతి ఏమీ తెలియదు. లోపల వేరే సంచులు నింపమని అడగండి, ఒక చేత్తో జిప్పుని మూలల చుట్టూ లాగండి. మూలలో పట్టేస్తే ఆ పెట్టె వద్దు. పళ్లు లేకుండా సన్నటి ప్లాస్టిక్ తీగ చుట్టలా ఉండే జిప్పు ఒకే వరుసలో ఉంటే బాల్‌పెన్ మొనతో పొడిచినా విడిపోతుంది. పైగా రెండు రన్నర్లకీ కలిపి చిన్న తాళం వేసినా, అవి కలిసి జరిగి జిప్పుని మళ్లీ మూసేస్తాయి, దొంగతనం జరిగినట్టే తెలియదు. రెండు వరుసల జిప్పు ఉండి, రన్నర్లు పెట్టెకున్న తాళంలోనే ఇరుక్కునేది తీసుకోండి. మూడు పెట్టెల సెట్టు చవగ్గా ఇస్తామంటే అసలు ఒప్పుకోకండి, నాకు కనిపించిన ప్రతి సెట్టులోనూ జిప్పు నాసిరకమే.

నాలుగు చక్రాలది ఎయిర్‌పోర్టులో హాయి. కానీ అవి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, విసిరేస్తే ముందు అవే విరుగుతాయి. చెకిన్ పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదంటారు, ఆ కొలతలో చక్రాలు, పిడి కూడా కలుపుతారు. పెట్టె నింపి, షాపు బయట గరుకు నేల మీద లాగి చూడండి. చక్రాలు రివెట్లతో కాకుండా స్క్రూలతో బిగించి ఉండాలి. మా కొత్త బట్ట పెట్టెకి ఒక చక్రం అరిగితే, ఇంటి దగ్గర సంచులు బాగుచేసే ఆయన స్క్రూలు విప్పి పది నిమిషాల్లో మార్చేశాడు.