కూర్చుని ఉన్నా నాడి వేగంగా కొట్టుకుంటే అది ఆందోళనేనా, రక్తహీనతా?

"నా వయసు 36. ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడు కూడా పల్స్ 92 నుంచి 104 దాకా చూపిస్తోంది. రెండేళ్ల క్రితం 72 ఉండేది. జ్వరం లేదు. ఇంట్లో అందరూ టెన్షన్ వల్లే అంటున్నారు. నిజంగా అంతేనా, డాక్టరుకు చూపించుకోవాలా?"

చూపించుకోవాలండీ. అయితే వెళ్లేముందు మీరే ఇంట్లో చేసుకోగల పని ఒకటి ఉంది. ఉదయం మెలకువ వచ్చాక మంచం మీద నుంచి లేవకుండా, ఫోను కూడా చూడకుండా, అలాగే పడుకుని నాడి లెక్కపెట్టుకోండి. వారం రోజులు ఇలా చేసి అంకెలు రాసి పెట్టుకుంటే, పగటి పూట కూర్చున్నప్పుడు వచ్చే అంకె చెప్పని సంగతి అవి చెబుతాయి. నాలుగేళ్ల క్రితం నేను దాదాపు మీలాంటి స్థితిలోనే ఉండి, టెన్షన్ అనే మాటను నమ్మి ఏడు నెలలు పోగొట్టుకున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

పెద్దవారిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉంటే మామూలు అంటారు. కానీ అది మనుషులందరినీ కలిపి గీసిన హద్దు, మీ ఒక్కరి హద్దు కాదు. ఎప్పుడూ 72 ఉండే మనిషికి ఏ కారణమూ లేకుండా నెలల తరబడి 94 ఉంటోందంటే, అది వందలోపే ఉన్నా ఆ శరీరంలో ఏదో మారిందనే అర్థం. మీ ప్రశ్నలో నన్ను ఆపింది 104 అన్న అంకె కంటే, రెండేళ్ల క్రితం 72 ఉండేదన్న మాట.

గుండె ఎందుకు వేగం పెంచుతుందో ఒక చిన్న లెక్కతో అర్థమవుతుంది. మామూలు మనిషి గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి వెళుతుంది. నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే సుమారు 5 లీటర్లు. శరీరానికి విశ్రాంతిలో కావలసింది ఇంచుమించు అంతే. ఏళ్ల తరబడి పరుగు, ఈత లాంటి వ్యాయామం చేసినవారి గుండె ఒక్క దెబ్బకు 100 మిల్లీలీటర్లు పంపగలిగితే, అదే 5 లీటర్లకు 50 సార్లు కొట్టుకుంటే చాలు. బాగా సాధన చేసిన క్రీడాకారులకు నాడి 40ల్లో ఉన్నా, కళ్లు తిరగడం, సొమ్మసిల్లడం లేనంత వరకు అది జబ్బు కాదు. మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి: అలాంటివారికి విశ్రాంతిలో 85 వచ్చినా అది వేగమైన నాడి కిందే లెక్క.

రక్తహీనతలో జరిగేది దీనికి భిన్నం. అక్కడ గుండె బలహీనపడలేదు, అది పంపే రక్తంలో సరుకు తగ్గింది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. హిమోగ్లోబిన్ 13 గ్రాములు ఉన్నవారి 100 మిల్లీలీటర్ల రక్తం దాదాపు 17 మిల్లీలీటర్ల ఆక్సిజన్ తీసుకెళుతుంది. 7.8 గ్రాములు ఉన్నప్పుడు అది పదికి కాస్త పైన ఆగిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపుతుంది, దెబ్బల సంఖ్యనూ పెంచుతుంది. నిద్రలో కూడా ఆ లోటు తీరదు కాబట్టి, తెల్లవారుజామున కూడా నాడి పూర్తిగా దిగిరాదు.

ఆ 7.8 నా అంకె. అప్పుడు నాకు 41 ఏళ్లు. ఆఫీసులో పని ఒత్తిడి నిజంగానే ఉండేది. మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నప్పుడు గుండె చెవుల్లో వినిపించేది, వేలికి ఆక్సిమీటర్ పెట్టుకుంటే 98, 102 చూపించేది. అదే పరికరం ఆక్సిజన్ 98 శాతం అని కూడా చూపిస్తుంటే, రక్తం బాగానే ఉందని ధైర్యం తెచ్చుకునేదాన్ని. నేను చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి ఆక్సిజన్ అంటుకుందో ఆ పరికరం చెబుతుంది కానీ, హిమోగ్లోబిన్ మొత్తం ఎంత ఉందో చెప్పలేదు. బస్సులు సగమే ఉన్నా, ఉన్న బస్సులన్నీ నిండే వెళుతున్నాయి అన్నట్టన్న మాట. మొదట చూసిన డాక్టరు కూడా రక్తపరీక్ష రాయకుండా ఆందోళనకు మందు ఇచ్చి పంపారు. ఆ మందుతో నిద్ర పట్టింది, నాడి మాత్రం తగ్గలేదు.

తర్వాత పది రోజులపాటు నేను ఒక పుస్తకంలో మూడు పూటలా రాసుకున్నాను. మంచం మీద ఉన్నప్పుడు 86 నుంచి 90. మధ్యాహ్నం 96 నుంచి 104. రెండు అంతస్తుల మెట్లెక్కగానే 134, అది మళ్లీ వందకు దిగడానికి ఆరేడు నిమిషాలు. సెలవు రోజున కూడా, మనసు ఎంతో తేలికగా ఉన్న రోజున కూడా, ఉదయం అంకె 86 కంటే కిందికి రాలేదు. అంతకుముందు ఏళ్లలో నాకు ఉదయం 66, 68 ఉండేది. ఈ కాగితం చూసిన రెండో డాక్టరు ముందు నా కింది కనురెప్పను లాగి లోపలి రంగు చూశారు, తర్వాత నెలసరి గురించి అడిగారు. రెండేళ్లుగా ఎనిమిది రోజులపాటు అధికంగా అవుతోందని, వయసును బట్టి అంతేననుకుని ఎవరికీ చెప్పలేదని అప్పుడే బయటపడింది. ఫెర్రిటిన్, అంటే శరీరంలో దాచి ఉన్న ఇనుము నిల్వను చెప్పే అంకె, బాగా తక్కువగా 6 మాత్రమే వచ్చింది.

ఆందోళన వల్ల పెరిగే నాడి నడక వేరుగా ఉంటుంది. అడ్రినలిన్ ప్రభావంతో గుండె వేగం పెరుగుతుంది, కారణం తగ్గాక క్రమంగా దిగుతుంది, గాఢ నిద్రలో మామూలుకు వస్తుంది. డాక్టరు ఎదుట 110 ఉండి, ఇంట్లో ఉదయం 68 ఉన్నవారి విషయంలో ఆందోళన అనుకోవడానికి ఆధారం ఉంది. అయితే ఈ గుర్తు తిరుగులేనిది కాదు. నిద్ర లేస్తూనే భయం పట్టుకునేవారికి ఉదయం అంకె కూడా ఎక్కువగానే రావచ్చు. అంతకంటే తికమక పెట్టేది ఏమిటంటే, రక్తహీనత వల్ల గుండె దడ వస్తే ఆ దడే మనిషిని భయపెడుతుంది, ఆ భయం మళ్లీ దడను పెంచుతుంది. అందుకే ఆందోళన అన్న నిర్ణయం రక్తపరీక్ష తర్వాత రావాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ పరీక్ష సులువైనది, దాన్ని వదిలేయడం వల్ల జరిగే నష్టం నెలల లెక్కలో ఉంటుంది.

జ్వరం లేదన్నారు కాబట్టి దాని గురించి కొద్దిగానే చెబుతాను. శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే నాడి ఇంచుమించు 10 పెరుగుతుంది. మామూలుగా 72 ఉండేవారికి 39 డిగ్రీల జ్వరంలో 92, 95 రావడం సహజం. అదే జ్వరంలో 130 వస్తే, లేదా మాత్ర వేసుకుని జ్వరం దిగాక కూడా 120 దగ్గరే నిలిచిపోతే, ఒంట్లో నీరు బాగా తగ్గడమో, ఇన్ఫెక్షన్ ముదరడమో కావచ్చు. అది ఆ రోజే చూపించుకోవలసిన విషయం.

లెక్కపెట్టే తీరు సరిగా లేకపోతే ఈ అంకెలన్నీ వృథా అవుతాయి. పగటి పూట చూసేటప్పుడు ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని మాట్లాడకుండా కూర్చోవాలి. కాఫీ, సిగరెట్, నడక, వీటిలో ఏదైనా అయి అరగంట గడిచి ఉండాలి. బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర ఉన్న గుంటలో చూపుడువేలు, మధ్యవేలు ఆనించి చూడాలి. బొటనవేలితో చూస్తే దానిలోని నాడే తగిలి లెక్క తప్పుతుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం కంటే నిమిషం నిండా లెక్కపెట్టడం మంచిది, ఎందుకంటే అప్పుడు లయ కూడా వేళ్లకు తెలుస్తుంది. శ్వాస తీసేటప్పుడు కాస్త వేగం, వదిలేటప్పుడు కాస్త నెమ్మది ఉండటం సహజమే. ఏ వరసా లేకుండా దెబ్బలు ముందూ వెనకా పడుతుంటే అది వేగం సమస్య కాదు, లయ సమస్య. దానికి ఈసీజీ తీయించుకోవాలి.

విశ్రాంతిలో వంద దాటడం రోజుల తరబడి కొనసాగుతుంటే, ఏ బాధా లేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఆ ఒక్క కారణం చాలు. మెట్లెక్కినట్టు మెల్లగా పెరగకుండా, స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా 150 దాటి, కాసేపటికి అంతే హఠాత్తుగా ఆగిపోయే దడ ఉంటే అది గుండెలోని విద్యుత్ మార్గాల తేడా కావచ్చు. అది వస్తున్నప్పుడే ఈసీజీ దొరికితే నిర్ధారణ తేలికవుతుంది. వేగమైన నాడితో పాటు ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం, స్పృహ తప్పడం, చల్లని చెమటలు, తారు రంగు విరేచనం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వారం రోజుల పుస్తకం మాట మరిచి వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లాలి. బీపీకో, దడకో నాడి వేగాన్ని అణిచి ఉంచే బీటా బ్లాకర్ మాత్ర వాడేవారికి మాత్రం నాడి పెరగకపోయినా లోపల రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ఉండవచ్చు, వారు అంకెను చూసి నిశ్చింతగా ఉండకూడదు.

మీరు డాక్టరును అడగవలసింది హిమోగ్లోబిన్‌తో కూడిన పూర్తి రక్తపరీక్ష, ఫెర్రిటిన్, థైరాయిడ్, ఈసీజీ. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినప్పుడు కూడా నిద్రలో నాడి దిగదు కాబట్టి దాన్ని వదలకండి. ఇనుము లోపం తేలితే మాత్రలతో సరిపెట్టుకోకుండా, ఇనుము ఎక్కడికి పోతోందో కనిపెట్టమని అడగండి. ముఖ్యంగా పురుషుల్లోనూ, నెలసరి ఆగిన స్త్రీలలోనూ కడుపులోనో పేగులోనో తెలియకుండా రక్తం పోతూ ఉండవచ్చు.

నా విషయంలో గర్భాశయానికి చికిత్స, ఇనుము మాత్రలు ఒకేసారి మొదలయ్యాయి. నాలుగో వారానికి హిమోగ్లోబిన్ 9.7కు వచ్చింది, ఉదయం నాడి 78కి దిగింది. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు మాత్రలు వాడమన్నారు. ఆ మూడు నెలలు పూర్తయిన వారంలో ఒక ఉదయం మంచం మీద లెక్కపెట్టుకుంటే 68 వచ్చింది. ఆఫీసులో ఒత్తిడి అప్పటికీ అలాగే ఉంది.