కరెంటు పెరగలేదు, మోటారు మాత్రం కాలింది

ప్రశ్న: చీమకుర్తి దగ్గర మాది గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ. లైన్ పాలిషర్‌లో స్లాబులను నడిపే బెల్ట్‌కు 5.5 కిలోవాట్ల మోటారు, గేర్‌బాక్స్, మోటారు స్పీడు మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్ ఉన్నాయి. పెద్ద స్లాబులైతే రోజంతా 12 హెర్ట్జ్‌లో, టైల్స్ అయితే 45లో నడుపుతాం. ఏడాదిలో రెండుసార్లు మోటారు కాలింది. డ్రైవ్ మీద ఎప్పుడు చూసినా 10 యాంప్సే, నేమ్‌ప్లేట్ మీద 11 ఉంది. ఒక్కసారి కూడా ట్రిప్ కాలేదు. రీవైండింగ్ షాపువాళ్లు వీఎఫ్‌డీయే కాల్చేసిందంటున్నారు. కొత్తపట్నంలో మా బావమరిది రొయ్యల చెరువు పంపు కూడా వీఎఫ్‌డీ మీదే 35లో నడుస్తోంది, దానికేమీ కాలేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ మోటారుకు గాలి చాలలేదు. వెనక కవర్ విప్పితే ఫ్యాన్ కనిపిస్తుంది. అది మోటారు షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది. నేమ్‌ప్లేట్ మీద IC 411 అని ఉంటే అర్థం ఇదే: తన ఫ్యాన్‌తో తనే చల్లబడే మోటారు. 50 హెర్ట్జ్‌లో ఆ ఫ్యాన్ నిమిషానికి సుమారు 1450 చుట్లు తిరుగుతుంది. 12 హెర్ట్జ్‌లో 350 కూడా తిరగదు. బాడీ మీద రెక్కల మధ్య నుంచి పోయే గాలి నాలుగో వంతుకు పడిపోతుంది.

వేడి మాత్రం అలా తగ్గదు. 5.5 కిలోవాట్ల మోటారు ఫుల్ లోడ్ మీద సుమారు 700 వాట్లు వేడిగా వదులుతుంది. అందులో సగానికి పైగా వైండింగ్‌లోనూ రోటర్‌లోనూ పారే కరెంటు వల్లే పుడుతుంది. స్పీడు తగ్గినా 10 యాంప్స్ 10 యాంప్సే కాబట్టి ఆ భాగం అలాగే ఉంటుంది. నేమ్‌ప్లేట్ మీది 11 యాంప్స్, ఫ్యాన్ పూర్తి స్పీడులో తిరుగుతున్నప్పుడు రోజంతా తట్టుకోగల కరెంటు. 12 హెర్ట్జ్‌లో దాన్నే హద్దుగా పెట్టుకోవడం దగ్గరే పొరపాటు జరిగింది.

పంపు సంగతి వేరు. సెంట్రిఫ్యూగల్ పంపుకు కావలసిన తిప్పే బలం, అంటే టార్క్, స్పీడు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 35 హెర్ట్జ్‌లో అది సగానికి దగ్గరగా వస్తుంది, దాంతో కరెంటు, వేడి రెండూ పడిపోతాయి. గాలి తగ్గినా మోటారుకు బాధ లేదు. మీ బెల్ట్ అలా కాదు. దాని మీద రాయి బరువు, పైనుంచి పాలిషింగ్ హెడ్‌ల ఒత్తిడి నెమ్మదిగా వెళ్లినా అంతే ఉంటాయి. కన్వేయర్, స్క్రూ ఫీడర్, హాయిస్ట్ అన్నీ ఈ కోవలోవే.

మామూలు మోటారును వీఎఫ్‌డీ మీద ఏ స్పీడులో ఎంత టార్క్ వరకు నిరంతరం నడపొచ్చో కంపెనీలు గ్రాఫ్ ఇస్తాయి. అంకెలు కంపెనీని బట్టి మారినా, 10–12 హెర్ట్జ్ దగ్గర సుమారు 60 శాతం అనుకోవచ్చు. మీరు అడుగుతున్నది 90 శాతానికి దగ్గర. మేలో షెడ్డులో వేడి 40 డిగ్రీలు దాటితే, రాతి బురద ఎండి రెక్కల మధ్య పేరుకుంటే ఆ 60 కూడా మిగలదు. సెట్టింగ్ కోసం అయిదు నిమిషాలు నెమ్మదిగా నడిపితే ఫరవాలేదు, మోటారు వేడెక్కడానికి అంతకంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. రోజంతా నడిపితేనే ప్రమాదం.

మీ ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటరు ఎక్కడ పెట్టి చూశాడో కనుక్కోండి. డ్రైవ్‌కు వచ్చే వైరు మీద పెడితే 12 హెర్ట్జ్‌లో మూడు నాలుగు యాంప్సే కనిపిస్తుంది. స్పీడు తక్కువ కాబట్టి లైన్ నుంచి తీసుకునే పవరూ తక్కువ. అది చూసి ‘మోటారు మీద లోడే లేదు’ అనేస్తారు. నమ్మాల్సింది డ్రైవ్ డిస్‌ప్లేలోని అవుట్‌పుట్ కరెంటునే.

ఇక రీవైండింగ్ షాపువాళ్ల మాట. కాలిన కాయిల్స్ మీరే చూడండి. మూడు ఫేజులూ ఒకేలా మాడి నల్లబడితే అది అధిక వేడి. వీఎఫ్‌డీ ఓల్టేజీ దెబ్బకైతే మిగతా వైండింగ్ బాగానే ఉండి ఎక్కడో ఒకచోట, ఎక్కువగా మొదటి చుట్ల దగ్గర, చిల్లు పడినట్టు కాలుతుంది. రెండూ ఒకటి కావు, వాటికి మందు కూడా ఒకటి కాదు.

మోటారుకు గాలి కొట్టే విడి ఫ్యాన్, అంటే బ్లోయర్, కొనాల్సి రావచ్చు. అంతకుముందు ఖర్చులేని పని ఒకటి చెయ్యండి. బెల్ట్ ఖాళీగా 12 హెర్ట్జ్‌లో నడిపి కరెంటు చూడండి, తర్వాత 45లో చూడండి. 12లోనే బాగా ఎక్కువుంటే తక్కువ స్పీడులో డ్రైవ్ అదనంగా ఇచ్చే ఓల్టేజీ, అంటే టార్క్ బూస్ట్, అతిగా పెట్టారన్నమాట. దాన్ని తగ్గిస్తే కొంత వేడి ఊరికే పోతుంది.

మీకు 12 హెర్ట్జ్ ఒక్కటే కావాలంటే గేర్ నిష్పత్తి మార్చమనేవాణ్ని. మూడు రెట్లు చేస్తే మోటారు 36 హెర్ట్జ్‌లో హాయిగా తిరుగుతుంది, దాని మీద టార్క్ మూడో వంతవుతుంది. కానీ టైల్స్‌కు 45 కావాలంటున్నారు, అది 135 అవుతుంది, కుదరదు. పెద్ద మోటారు పెడదామంటే, 7.5 కిలోవాట్లది అదే 132 ఫ్రేములో వస్తుంది గానీ దానిలో 60 శాతం 4.5 కిలోవాట్ల మోటారుతో సమానం, మీకు దాదాపు 5 కావాలి. 11 కిలోవాట్లదైతే చాలుతుంది, కానీ అది 160 ఫ్రేము, మీ గేర్‌బాక్స్‌కు కూర్చోదు. తక్కువ స్పీడులో పూర్తి టార్క్, ఎక్కువ స్పీడు కూడా, రెండూ రోజంతా కావాలన్నప్పుడు విడిగా తిరిగే బ్లోయర్ తప్పదు. కొత్త మోటారు కొంటే IC 416 అని అడగండి. ఉన్నదానికే అయితే షాఫ్ట్ మీది ఫ్యాన్ తీసేసి, వెనక కవర్ స్థానంలో అదే ఫ్రేముకు సరిపోయే బ్లోయర్ బిగిస్తారు.

దాని కరెంటు నేరుగా మెయిన్ లైన్ నుంచే రావాలి. నెల్లూరులో ఒక రైస్ మిల్లులో బ్లోయర్‌ను మోటారు టెర్మినళ్లకే కలిపి పెట్టడం నేను చూశాను. డ్రైవ్ 12 ఇస్తే బ్లోయర్‌కూ 12 హెర్ట్జే అందుతుంది, పెట్టినా పెట్టనట్టే. మూడు ఫేజుల బ్లోయరైతే తిరిగే దిశ సరిచూడండి, తిరగబడితే చప్పుడే తప్ప గాలి ఉండదు. బ్లోయర్ ఆన్ అయితేనే డ్రైవ్ స్టార్టయ్యేలా ఇంటర్‌లాక్ పెట్టించండి. బెల్ట్ ఆగాక కూడా పది నిమిషాలు తిరగనివ్వండి.

డ్రైవ్ ట్రిప్ కాకపోవడానికి కారణం సెట్టింగులో ఉండొచ్చు. డెల్టా MS300, C2000 అయితే `06-13` పారామీటర్ చూడండి. 2 ఉంటే రక్షణ ఆఫ్‌లో ఉన్నట్టు. 0 అంటే విడి బ్లోయర్ ఉన్న మోటారు, 1 అంటే షాఫ్ట్ ఫ్యాన్ మోటారు. ష్నైడర్ ఆల్టివార్ 320లో ఇది `tHt`. షాఫ్ట్ ఫ్యాన్‌కు `ACL`, బ్లోయర్‌కు `FCL`. షాఫ్ట్ ఫ్యాన్ అని చెబితే స్పీడు తగ్గేకొద్దీ డ్రైవ్ తన హద్దు తనే తగ్గించుకుంటుంది. బ్లోయర్ బిగించాకే దాన్ని 0కి లేదా `FCL`కి మార్చండి, ముందు కాదు.

మార్చాక మాత్రం బ్లోయర్ జాలీ బురదతో మూసుకుపోయినా డ్రైవ్‌కు తెలియదు, గాలి వస్తోందనే లెక్క వేస్తుంది. వైండింగ్‌లో వేడిని నేరుగా చూసేది థర్మిస్టర్. మోటారు ఇంకా రీవైండింగ్ షాపులోనే ఉంటే ఈరోజే ఫోన్ చేసి, మూడు ఫేజుల కాయిల్స్ కొసల్లో ఒక్కొక్కటి చొప్పున మూడు పీటీసీ థర్మిస్టర్లు పెట్టి, వరసగా కలిపి రెండు వైర్లు బయటకు తీయమనండి. వైండింగ్ వార్నిష్ చేశాక పెట్టడం కుదరదు. ఆ వైర్లను డ్రైవ్‌లోని థర్మిస్టర్ ఇన్‌పుట్‌కు కలిపి, ట్రిప్ ఆన్ చెయ్యండి. ఆ రెండు వైర్ల మధ్య ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ మాత్రం ఎవర్నీ పెట్టనివ్వకండి, థర్మిస్టర్ అక్కడికక్కడే పోతుంది.