పర్లేదు ఎవరనాలి, ఏం కాదు ఎప్పుడనాలి

చిట్టీ,

మొన్న ఆసుపత్రి వరండాలో తప్పేం మాట్లాడానని ఫోన్‌లో అడిగావు. తీరిగ్గా రాస్తానన్నాను కదా, ఇదిగో.

పక్కింటి పిన్నిగారు "ఆయన్ని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారమ్మా" అని కళ్ళు తుడుచుకుంటుంటే, నువ్వు ఆవిడ చెయ్యి పట్టుకుని "పర్లేదండీ" అన్నావు. ఆవిడ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. ప్రేమతోనే అన్నావని నాకు తెలుసు. కానీ "ఇట్స్ ఓకే" అనే చోటల్లా మనకు "పర్లేదు" పనికిరాదు.

పరవా అన్నది పారసీ భాష నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాట. పట్టింపు, లక్ష్యం అని అర్థం. పరవా లేదంటే "నాకు పట్టింపు లేదు, నేనేమీ అనుకోను" అని. అందుకే ఆ మాట నష్టం ఎవరికి జరిగిందో వాళ్ళ నోటి నుంచే రావాలి. పెళ్ళి పంక్తిలో వడ్డించే కుర్రాడు నీ చీర మీద సాంబారు ఒలికించి బిక్కమొహం వేశాడనుకో, "పర్లేదులే నాన్నా" అనాల్సింది నువ్వు. అదే మాట ఆ కుర్రాడే అంటే ఎలా ఉంటుంది? పిన్నిగారికి నీ మాట అలాగే వినిపించింది. ప్రాణం మీదికొచ్చింది ఆవిడ భర్తకి, పట్టింపు లేదన్నది నువ్వు. ఎదుటివాళ్ళు "నీకేంలే అమ్మా, అలాగే అంటావు" అన్నారంటే, నీది కాని పర్లేదు నువ్వు అనేశావని అర్థం చేసుకో.

ఇంకా జరగనిదాని గురించి భయపడుతుంటే "ఏం కాదు" అంటాం. జరిగిపోయి, దెబ్బ పెద్దగా తగల్లేదని తేలితే "ఏం కాలేదు" అంటాం. మన బుజ్జిగాడు గోడెక్కి దూకడానికి జంకుతుంటే "ఏం కాదు, దూకు" అంటాను. దూకి మోకాలు కొట్టుకుని, ఏడవాలా వద్దా అన్నట్టు నా మొహంలోకి చూస్తే, మోకాలు రుద్దుతూ "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటాను. ఒక్క "లే" తేడాతో రేపటి భయం నిన్నటి దెబ్బ అయిపోతుంది. హైదరాబాద్‌లో మీ వదినావాళ్ళింట్లో మాత్రం నువ్వు సారీ చెప్పినా "ఏం గాదు తియ్" అంటారు. అక్కడ అది మన పర్లేదుతో సమానం, గాభరా పడకు.

"ఏం కాదు" అనడంలో ఒక చిక్కుంది. అది మాటివ్వడం లాంటిది. డాక్టరు ఇంకా ఏమీ చెప్పకముందే నువ్వు "ఏం కాదు" అనేసి, తర్వాత ఏదైనా అయితే ఆ మాట ఆవిడకి జన్మంతా గుర్తుంటుంది. అలాంటప్పుడు జబ్బు సంగతి ఎత్తకుండా మనిషి గురించి మాట్లాడాలి. "ధైర్యంగా ఉండండి పిన్నీ, నేనిక్కడే ఉంటాను, కాస్త మంచినీళ్ళు తాగండి." అంతకుమించి ఏమీ అనక్కర్లేదు.

వస్తువు పోతే ఇంకో రకం. "పోనీలే" అంటే పోయినదాన్ని పోనిమ్మనడం. అదీ పోగొట్టుకున్నవాళ్ళు తమకు తాము చెప్పుకోవాల్సిన మాటే. కిందటేడు బస్సులో నా రెండు పేటల గొలుసు పోయినప్పుడు ఇంటికొచ్చినవాళ్ళంతా "పోనీలెండి" అన్నారు. ఒక్కొక్కరు అన్నప్పుడల్లా గొలుసు మళ్ళీ పోయినట్టుండేది. మీ తాతయ్య ఒక్కరే "మెడకి గాయం కాలేదు, అదే పదివేలు" అన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది, ఏడ్చాక తేలికైంది. పోయింది చిన్నదని చెప్పకుండా, మిగిలిందేమిటో చూపించారాయన.

ఇక "డోంట్ వర్రీ"కి మనకు ఒక్క మాట లేదు. ఎదుటివాళ్ళు పడుతున్నది ఏమిటో చూసి దాన్నే వద్దనాలి. రైలు టైమైందని హడావిడి పడేవాళ్ళకి "కంగారు పడకండి". పరీక్ష ముందురోజు పిల్లకి "టెన్షన్ పడకు". హాస్టల్లో అమ్మని తలుచుకుని అన్నం మానేసిన పిల్లకి "బెంగ పెట్టుకోకు". ఆ పిల్లతో కంగారు పడకు అంటే, తన బాధ నీకు అర్థంకాలేదని అప్పుడే తెలిసిపోతుంది. తెలంగాణలో అయితే "రంది పెట్టుకోకు", "ఫికర్ చెయ్యకు" అని వింటావు.

పిన్నిగారి ఆయన్ని నిన్న వార్డులోకి మార్చారు. సాయంత్రం ఇడ్లీ పట్టుకెళ్తున్నాను, నువ్వూ రా. డాక్టరు గండం గడిచిందన్నారు కాబట్టి ఇప్పుడు "ఇంకేం కాదు పిన్నీ, త్వరలోనే ఇంటికొచ్చేస్తారు" అని నిశ్చింతగా అనొచ్చు. మొన్నటి మాటకి నువ్వు సారీ చెబితే ఆవిడే అంటుంది, "పర్లేదులే అమ్మా" అని. అనాల్సింది ఆవిడే.

ప్రేమతో,
మీ అమ్మమ్మ