గ్రూపులో పెట్టే మెసేజ్: ఏ చమత్కారం ఉంచాలి, ఏది తీసేయాలి?

ప్రశ్న: నాన్నగారి షష్టిపూర్తికి వచ్చినవాళ్లకి ధన్యవాదాలు చెబుతూ కుటుంబం వాట్సాప్ గ్రూపు కోసం మెసేజ్ రాశాను. బాబాయిలు, మేనత్తలు, మా అత్తగారివాళ్లు, అమెరికా పిల్లలు అందరూ అందులో ఉన్నారు. నాలుగు చమత్కారాలు పెట్టాను. నాన్న కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకడం ఒకటి. అమెరికావాళ్లకి 'వీడియోలో చూశారుగా, భోజనం కూడా వీడియోలోనే'. 'చిన్న బాబాయి సరిగ్గా గారెల వేళకి దిగారు'. 'మూడుసార్లు పిలిస్తేగానీ రాని కొందరు పెద్దలకి ప్రత్యేక ధన్యవాదాలు'. మా ఆయన చదివి గొడవలవుతాయన్నారు. అన్నీ తీసేస్తే ఆఫీసు నోటీసులా ఉంది. పొలం పంపకాల నుంచి చిన్న బాబాయికీ నాన్నకీ మాటలు అంతంతమాత్రం. ఏం చెయ్యను?

జవాబు: నాలుగూ తీసేయక్కర్లేదు. ఒక్కో వాక్యం ఎవరిమీద పడుతుందో, ఆ మనిషి అందరి ముందూ నవ్వుతూ బదులివ్వగలరో లేదో చూడండి.

కళ్లజోడు మాట ఉంచండి. నాన్నగారు ఇంటి యజమాని, వేడుక ఆయనది, పైగా అది కన్నకూతురు అంటున్న మాట. పంపేముందు ఆయనకోసారి చదివి వినిపిస్తే చాలు.

అమెరికా మాటని మెత్తబరచండి. సెలవు దొరక్కో, వీసా పనుల వల్లో రాలేకపోయినవాళ్లకి ఆ బెంగ ముందే ఉంటుంది. మన పొద్దుటి ముహూర్తం వాళ్లకి రాత్రి నిద్రవేళ. 'నిద్ర మానుకుని చూసిన పిల్లలకి గారెలు బాకీ ఉన్నాం' అని రాస్తే నవ్వూ ఉంటుంది, బాకీ మీమీదే పడుతుంది.

చిన్న బాబాయి గురించి రాసింది పూర్తిగా తీసేయండి. ఆయనకీ మీ నాన్నగారికీ మాటలు బాగుంటే అది మంచి హాస్యమే. ఇప్పుడున్న పరిస్థితిలో ఆయన గుమ్మం తొక్కడమే పెద్ద సంగతి. ఎంతో తటపటాయించి వచ్చిన మనిషికి అది 'తిండికొచ్చావు' అన్నట్టు వినిపిస్తుంది. పిన్నిగారు వాళ్ల పిల్లలకి ఆ వాక్యం చదివి చెబుతున్నట్టు ఊహించుకుని, నవ్వే బొమ్మలు తీసేసి పైకి చదవండి, మీకే తెలుస్తుంది. దాని స్థానంలో 'చిన్న బాబాయి, పిన్ని రావడం నాన్నకి ఎంతో సంతోషం' అని సూటిగా రాయండి. నాన్నగారు అవునంటేనే సుమా. ఆయన మనసులో లేని మాట ఆయన పేరున వెళ్లకూడదు.

'కొందరు పెద్దలు' అన్నది అన్నిటికన్నా ప్రమాదం. పేరు లేకపోతే దెబ్బ తగలదనుకుంటాం. కానీ ఆలస్యంగా ఒప్పుకున్న ప్రతివాళ్లూ అది తమకే అనుకుంటారు, తక్కినవాళ్లు ఎవరా అని ఫోన్లలో ఆరాలు తీస్తారు. మీ అత్తగారివాళ్లని ఉద్దేశించకపోయినా వాళ్లకి తగలొచ్చు. మీ ఆయన భయం బహుశా ఇదే. ఏ వాక్యం దగ్గర ఆగారో ఆయన్నే అడగండి. పిలుపుల విషయంలో మీకు నిజంగా నొప్పి ఉంటే, ఆ మనిషికి విడిగా ఫోన్ చేసి చెప్పుకోండి.

పంపాక దిద్దుకోవచ్చులే అనుకోకండి. వాట్సాప్‌లో దిద్దడానికి 15 నిమిషాలే గడువు, తొలగించినా తొలగించిన గుర్తు అక్కడే ఉంటుంది. అందుకే రాత్రి రాసింది పొద్దున మరోసారి చదివి పంపండి.